పెరుగాయనకు పడ్డ సున్నా

అది ఏప్రిల్ నెల మొదటి సోమవారం. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. షాద్‌నగర్ పక్కన మా ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక తలుపు దగ్గర నిలబడి, పులిసిన పెరుగు వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఎండాకాలంలో పెరుగు పులవడం వింత కాదు. పదేళ్ళుగా ఒక్కరోజు కూడా పులిసింది తేని మనిషి తేవడం వింత.

నేను ఆ క్యాంటీన్‌లో పెద్ద వంటామెను. సంతకం చేయడం నలభై దాటాక నేర్చుకున్నాను. రాయడం, చదవడం ఇంకా తర్వాత వచ్చాయి. అందుకే అక్షరాలను పొదుపుగా వాడతాను. మా వంటింట్లో గోడకు తాడుతో కట్టిన కంప్లైంట్ రిజిస్టర్ ఉండేది. కూరగాయలు తెచ్చే ఆయన పుణ్యమా అని అది నిండిపోయింది. వంకాయ పుచ్చు, టమాట మెత్తన, కొత్తిమీరలో సగం గడ్డి. రాసిన ప్రతిసారీ అతను మోటర్‌సైకిల్ మీద ఊగుతూ వచ్చి, "సారీ అమ్మా, మార్చి తెస్త" అని చేతులు జోడించి, మార్చి తెచ్చేవాడు. మర్నాడు మళ్ళీ పుచ్చులే.

పెరుగాయన పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. వాళ్ళు గొర్రెలు, బర్రెలు ఉన్న కుటుంబం. ఇంటి పాలకు చుట్టాల పాలు కలిపి తోడేసి తెచ్చేవాడు. ఎప్పుడైనా పెరుగు పల్చనగా అనిపిస్తే నేను ఫోన్ చేసి, "ఏందిర తమ్మీ, పెరుగు తెచ్చినవా, కుడితి తెచ్చినవా?" అని అరిచేదాన్ని. భోజనాల గంట కొట్టేలోపు ఇంకో క్యాన్ వచ్చేది. పెన్ను మూత తీయాల్సిన పని పడేది కాదు.

ఆ సంవత్సరం పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కు కొత్త సారు వచ్చాడు. మంచివాడే, కాకపోతే కంప్యూటర్‌లో లేనిది లోకంలో లేదనుకునేవాడు. సరుకు తెచ్చే ప్రతి ఒక్కరికీ మార్కులు వేసే ఫారం పెట్టాడు. సరుకు సమయానికి తెస్తే నలభై, సరుకు బాగుంటే నలభై, ఫిర్యాదు చేస్తే ఎంత తొందరగా పలికి సరిచేస్తారన్నదానికి ఇరవై. మొత్తం వందకు డెబ్బై వస్తేనే కాంట్రాక్ట్ కొనసాగుతుంది. లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

పెరుగాయనకు గేటు టైము చూసి స్టోర్ సారు ముప్పై నాలుగు వేశాడు. వానాకాలంలో వెన్న శాతం కొంచెం తగ్గిందని క్వాలిటీ అమ్మాయి ముప్పై రెండు వేసింది. మూడోదానికి సున్నా. అరవై ఆరు. కాంట్రాక్ట్ కట్. కూరగాయలాయనకు మూడోదానిలో ఇరవైకి ఇరవై వచ్చి, సరిగ్గా డెబ్బైతో గట్టెక్కాడు.

శనివారం ఆ కాగితం నా సంతకం కోసం వచ్చింది. వేలు పెట్టుకుని చదివి, సంతకం చేయకుండా నేరుగా పర్చేజ్ సారు గదికి వెళ్ళాను.

"సారూ, గీ సున్నా ఏంది?"

"ఆయన స్పందించినట్టు ఒక్క రికార్డూ లేదమ్మా."

"కంప్లైంటే లేకపాయె. దేనికి స్పందిస్తడు? ఊకెనే గేటు కాడ నిలబడి స్పందించుమంటరా?"

"మీరు ఫోన్లో చెప్పేవారట కదా. రాసి ఉంటే మార్కులు వచ్చేవి."

"అంటే మంచిగ తెచ్చినోనికి నేను చేటు చేసినన్నట్టు."

సారు ఆ కాగితం తీసి పక్కన పెట్టాడు. సోమవారం పదకొండున్నరకు అందరూ కూర్చుని తేల్చుకుందామన్నాడు. ఆ సాయంత్రమే పెరుగాయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఈ ఫ్యాక్టరీ పోతే అన్ని పాలు ఎక్కడ పోయాలో అతనికి తెలియదు. "అక్కా, జర నా మీద ఒక కంప్లైంట్ రాయరాదు?" అన్నాడు.

"మంచి పెరుగు మీద ఏం రాయాలె? తెల్లగున్నదని రాయనా?"

ఫోన్ పెట్టేశాడు. నేనన్న మాట అతని బుర్రలో ఎటు తిరిగిందో నాకు సోమవారం దాకా తెలియలేదు.

ఇక ఆ క్యాన్ సంగతి. మూత తీస్తే మా అంట్లు తోమే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిర గిది?" అన్నాను.

"రెండ్రోజులు ఎండల వెట్టిన అక్కా," అన్నాడు సంబరంగా. "ఇగ మంచిగ రాసుకో. తిట్టు గూడ రాయి, ఏం పర్వాలే."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"జర జల్దీ రాయి. మార్చే క్యాన్ ఆటోల తయారుంది. నువ్వు రాసుడే ఆలస్యం, ఐదు నిమిషాలల్ల దించుత. గింత తొందరగ ఎవడు పలుకుతడో చూద్దాం."

ఆటోలోకి తొంగి చూశాను. తడి గోనెసంచి కప్పుకుని ఇంకో క్యాన్ కూర్చుని ఉంది. చుట్టాల పెళ్ళికి వచ్చినట్టు ఆటో డ్రైవర్ పక్కనే తల దువ్వుకుంటున్నాడు.

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఇంతలో వాసన పట్టుకుని క్వాలిటీ అమ్మాయి వచ్చింది. ఆమె వెనక స్టోర్ సారు, ఆయన వెనక పర్చేజ్ సారు, చేతిలో ఫారాలతో. మీటింగ్ గదిలో జరగాల్సిన మీటింగ్ వెనక తలుపు దగ్గరే మొదలైంది.

"పులిసిన పెరుగు తెస్తే క్వాలిటీ మార్కులు పోతాయి కదయ్యా," అంది క్వాలిటీ అమ్మాయి.

పెరుగాయన ముఖం మాడిపోయింది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. "గా దాంట్ల కోసి గీ దాంట్ల ఇయ్యుండ్రి మేడం," అన్నాడు మెల్లగా.

"ఇది మోసం కదా?" అన్నాడు పర్చేజ్ సారు.

"మోసం జేసెటోడు ముందుగాల్నే చెప్తడా సారూ?" అన్నాను. "మంచిగున్నందుకు సున్నా ఏస్తే మనిషి గిట్లనే పాగలైతడు. కూరగాయలాయనకు రోజుకో కంప్లైంట్, ఇరవైకి ఇరవై. ఈనెకు కంప్లైంట్ లేదు, ఇంటికి పో. గీ ఫారం వెట్టినోడు అన్నం తింటడా?"

ఫారం పెట్టింది ఆయనే. చెవులు ఎర్రబడ్డాయి. కోపం మింగుకుని హైదరాబాద్‌లో ఉన్న పెద్ద సారుకు ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టలేదు గానీ అవతలి గొంతు మా అందరికీ వినపడింది.

"సున్నా ఎవడు వెయ్యమన్నాడయ్యా? ఫిర్యాదే లేనప్పుడు వర్తించదని రాయాలి. ఆ ఇరవై తీసేసి మిగతా ఎనభైకి శాతం కట్టాలి. గడి ఖాళీగా వదిలావా? వదిలితే కంప్యూటర్ దాన్ని సున్నాగానే కూడుతుంది!"

పర్చేజ్ సారు గోడకు ఫారం ఆనించి లెక్క వేశాడు. ఎనభైకి అరవై ఆరు. ఎనభై రెండున్నర శాతం. "రెన్యూ" అని రాసి, నా వైపు చూడకుండా నా ముందు పెట్టాడు. నేను అక్కడే, క్యాన్ మూత మీద పెట్టుకుని, నిదానంగా సంతకం చేశాను.

పెరుగాయన రెండు చేతులూ ఎత్తి అందరికీ దండం పెట్టి, పులిసిన క్యాన్ ఆటోలో ఎక్కించబోయాడు.

"ఆగు," అంది క్వాలిటీ అమ్మాయి. "అది గేటులో ఎంట్రీ అయింది. రిజెక్ట్ రాయాల్సిందే."

"గిప్పుడే పాసైన గద మేడం!"

"అది పోయిన సంవత్సరం. ఇది కొత్త సంవత్సరం లెక్క."

నేను రిజిస్టర్ తెచ్చి, పేజీ తిప్పి రాశాను. పెరుగు పులిసింది. ఎందుకు పులిసిందో రాయడానికి జాగా చాలలేదు. ఐదు నిమిషాల్లో మంచి క్యాన్ దిగింది. ఆ టైము కూడా రాశాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: కొత్త పర్చేజ్ సారు, గేటు టైము రాసే స్టోర్ సారు, ముక్కు మూసుకున్న క్వాలిటీ అమ్మాయి, అంట్లు తోమే ఆమె, తల దువ్వుకున్న ఆటో డ్రైవర్, కాంట్రాక్ట్ దక్కినా కొత్త సంవత్సరం మొదటి వారంలోనే మార్కులు పోగొట్టుకున్న పెరుగాయన, నేను.