పద్నాలుగు పిక్సెళ్ల ఎడం

ఫోను పులికాట్ నీళ్లలో పడి మూడు పోయాయి: మా మీమ్ టెంప్లేట్ అసలు ఫైలు, అక్షరాల నల్లంచు కొలత, ఎడం కొలత. మా మీమ్ పేజీలో పాత మాటలున్న బొమ్మ ఒక్కటే మిగిలింది. రాకెట్ ఎగరడానికి ఇరవై నిమిషాలుంది. ఆ తర్వాత కొత్త మీమ్ పెడితే ఎవరూ చూడరు.

ఆ బొమ్మకు నకలు తీసి, పాత మాటలపై ఆకాశం రంగు పూసి, అవే లావు తెల్లక్షరాలతో రెండు వరుసల్లో రాశాను: మిద్దె ఎక్కండి, రాకెట్ వస్తాంది. పాత బొమ్మను పెద్దది చేసి లెక్కపెడితే అంచు ఆరు పిక్సెళ్లు, అంచుల మధ్య ఖాళీ రెండు. అక్షరాల మధ్య ఎనిమిది వదిలాను. అన్నీ అతుక్కుపోయాయి!

"ఏందయ్యా, చీమలబారు మాదిరుండాది!" అంది నా భార్య.

"అంచు రెండు పక్కలా ఉంటాదే! ఆరూ, ఆరూ, రెండు... పద్నాలుగు!" అన్నాను.

ఎడం పెంచగానే అచ్చం పాతదే! వెంటనే పేజీలో పెట్టాను. వీధి వీధంతా మిద్దెలెక్కింది. 'ఎక్కండి'లో ఒత్తు మాత్రం కింది వరుసకు తగిలింది. అక్కడ వరుసల మధ్య నాలుగు పిక్సెళ్లు ఇప్పటికీ బాకీ.