పిల్లిపిల్ల ఎర్ర టోపీ

నాకు ఆదోని హైస్కూల్లో తెలుగు చెప్పిన అయ్యవారు రిటైరయ్యాక మద్రాసులోని ఒక ప్రచురణకర్తకు పుస్తకాలు సరిచూసి పెట్టేవారు. అప్పటికి నేను ట్రైనింగు పూర్తి చేసి ఎమ్మిగనూరులో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెబుతున్నాను. ఒక ఆదివారం ఆదోనిలో పుట్టింటికి వచ్చానని తెలిసి ఆయన కబురు పెట్టారు.

వెళ్లేసరికి బల్ల మీద రంగురంగుల అచ్చు కాగితాలున్నాయి.

"ఇంగ్లీషు బొమ్మల కథమ్మా ఇది. బొమ్మలు ముందే అచ్చేసినారు. ఏ భాష వాళ్ళు ఆ భాషలో కింద మాటలు ఏసుకోవాల. బొమ్మకు రెండు వరసలే జాగా. తెలుగు నువ్వు చేస్తావా?"

"చేస్తాను అయ్యవారూ," అన్నాను, ఆలోచించకుండానే. రోజూ అంత చిన్నపిల్లల మధ్య ఉండేదాన్ని, నాకు కాక ఇంకెవరికి చేతనవుతుంది అనుకున్నాను.

కథ చిన్నది. ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్లిపిల్ల షికారుకు పోతుంది. గాలికి టోపీ ఎగిరిపోతుంది. కోడిని, కుక్కను, ఉడతను అడుగుతుంది. ఎవరూ చూడలేదంటారు. చివరికి టోపీ ఒక పొద కింద దొరుకుతుంది. అందులో ఒక ఎలుకపిల్ల చలికి ముడుచుకుని పడుకుని ఉంటుంది.

వారం తిరక్కుండానే తెలుగు చేసేశాను. "ఒక పిల్లిపిల్ల తన ఎర్రని టోపీని ధరించి షికారుకు బయలుదేరెను. అంతలో గాలి బలముగా వీచుటచే టోపీ ఎగిరిపోయెను." తప్పు ఒక్కటి లేదు. మరునాడే తరగతిలో బొమ్మలు చూపిస్తూ చదివాను.

మా బడి ఉన్నది సాలెవాళ్ళ వీధిలో. రోజంతా మగ్గాల చప్పుడు గోడలు దాటి వస్తూ ఉంటుంది. నా వాక్యం "బలముగా వీచుటచే" దగ్గరికి వచ్చేసరికి వెనక వరస పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ముందు వరసలో ఒక పాప మాత్రం బొమ్మ మీద వేలు పెట్టింది.

"టీచరమ్మా, పిల్లి యాడికి పోతాంది?"

"అదే కదమ్మా చదివింది?"

"నువ్వు చదివినావు. పిల్లి యాడికి పోతాందని సెప్పలేదు."

ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఆ కాగితం పక్కన పడేసి, కలం ముట్టకుండా, బొమ్మ చేతిలో పట్టుకుని పిల్లలతో మాట్లాడినట్టే కథ చెప్పడం మొదలుపెట్టాను. నోటికి వచ్చింది చెబుతాను. పిల్లలు తిరిగి అన్న ముక్క ఉంచుతాను, అనని ముక్క తీసేస్తాను. ఇంటికి వచ్చాక రాసుకుంటాను. ఇంగ్లీషులో ప్రతి రెండు వరసల చివరా ప్రాస ఉంది. దాని వెంట పడితే తెలుగు వంకర్లు పోతోంది, అందుకని వదిలేశాను. మన పిల్లలకు మాట మొదట్లో పట్టు దొరకాలి, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ రావాలి.

"గాలి వచ్చింది! టోపీ పోయింది!"

"కోడీ కోడీ, టోపీ చూశావా?"

"చూళ్ళేదమ్మా, చూళ్ళేదు."

కోడి పోయి కుక్కా కుక్కా, కుక్క పోయి ఉడతా ఉడతా. అన్నీ ఒకే తూగులో అమరాయి. ఉడత బొమ్మ దగ్గర నేను "ఉడతా ఉడతా" అని ఆగితే చాలు, తక్కినది తరగతంతా మగ్గాల చప్పుడును మించి అరిచేది.

చివరి మలుపు మాత్రం సతాయించింది. ఇంగ్లీషులో "టోపీలో పడుకుని ఉంది" అనే ముక్క ఒక పుటలో, ఎలుకపిల్ల తర్వాతి పుటలో. మన వాక్యంలో ఎవరు అన్నది ముందు వచ్చేస్తుంది, చేసిన పని చివరికి పోతుంది. అలాగే రాస్తే పుట తిప్పకముందే గుట్టు బయటపడుతుంది. కాబట్టి దాన్ని ప్రశ్న చేశాను. "టోపీలో ఎవరు? టోపీలో ఎవరు?" పుట తిప్పితే, "ఎలుకపిల్ల!" పిల్లలు ఎగిరి గంతేశారు. అదే నాకు అచ్చయినంత ఆనందం.

ఆ ధైర్యంతో ఆదోని పోయి అయ్యవారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, ఒక మాట మీద వేలు పెట్టారు.

"కథ బాగుందమ్మా. ఈ 'చూళ్ళేదమ్మా' ఏంది? అచ్చులో చూడలేదు అని కదా ఉండాల?"

"చూడలేదు అని గట్టిగా చదవండి అయ్యవారూ, మాట సాగిపోతుంది. చూడటం చేతకాదు అన్నట్టు కూడా వినపడుతుంది."

"అట్లని నోటికొచ్చింది రాస్తే పిల్లోళ్ళకు మంచి తెలుగు యాడొస్తాది?"

"రెండూ చదివి చూద్దాం. వినేవాళ్ళనే అడుగుదాం."

మా నాన్నది పత్తి మండీ. సాయంత్రం కాటా పని అయిపోయాక అరుగు ఖాళీగా ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలను కూర్చోబెట్టాం. వాళ్ళలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ముందు అయ్యవారు తాను మార్చిన పాఠం చదివారు, "నేను చూడలేదు" అంటూ. గొంతు గంభీరంగా ఉంది, పిల్లలు భయభక్తులతో విన్నారు. తర్వాత నేను చదివాను. కుక్క దగ్గరికి వచ్చేసరికి కన్నడం పిల్లలు కూడా "చూళ్ళేదమ్మా" అని అందుకున్నారు. అయ్యవారు ఆ గోల చూసి నవ్వేశారు.

"సరే, నీదే ఉండనీ," అన్నారు.

కానీ ఆయనా ఒకచోట నన్ను నిలేశారు. బొమ్మల్లో నేలంతా తెల్లగా ఉంది. అది వాళ్ళ దేశపు మంచు. ఎమ్మిగనూరు పిల్లలు అదేమిటని అడిగారు. మన దగ్గర మంచంటే పొద్దున్నే చేల మీద కనిపించి ఎండకు పోయేది. అందుకని ఆ ముక్క ఎత్తేసి "తెల్లటి నేల" అని ఊరుకున్నాను. మండీ అరుగు మీద కూర్చున్న పిల్లలకు మాత్రం సందేహమే లేదు.

"పత్తి! పత్తిలో పోతాంది పిల్లి!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయ్యవారు నవ్వలేదు.

"చూసినావా? నువ్వు దాచిపెడితే వాళ్ళు పత్తి అనుకుంటాండారు. చివరికి ఎలుక చలికి వణుకుతాంటే వీళ్ళకేం తెలుస్తాది? పేరు చెప్పల్ల."

"మంచు అంటే అర్థం కాదే?"

ఆయన అరుగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ పెదవులు కదిపారు. తర్వాత మెల్లగా అన్నారు: "తెల్లటి మంచు, చల్లటి మంచు."

ఎంత తేలిక మాటలో, ఎంత బాగా పడ్డాయో! పిల్లలకు చదివి చూపించాను. ఒక పిల్లవాడు కాగితం మీద చేయి పెట్టి, జిల్లుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"సల్లగుంది!" అన్నాడు.

ఆ వరస అలాగే అచ్చయింది. పుస్తకం వచ్చిన రోజు అయ్యవారే బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చారు. నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని విన్నారు. మంచు పుట రాగానే పిల్లలు భుజాలు దగ్గరికి ముడుచుకున్నారు. చివరి పుటలో పిల్లిపిల్ల ఎలుకతో "చలేస్తోందా? ఉంచుకో, ఉంచుకో" అంటుంది. మొదట నన్ను నిలదీసిన పాప ఆ మాట విని, "పిల్లి మంచిది," అని తేల్చేసింది.

వెళ్ళేముందు అయ్యవారు సంచిలోంచి ఇంకో బొమ్మల కథ తీసి నా చేతిలో పెట్టారు. అందులో రైలుబండి ఉంది, వంతెన ఉంది, తెలుగు మాట ఒక్కటీ లేదు.

"దీన్ని ఎప్పటికి ఇస్తావు?"

"రాయడం తర్వాత అయ్యవారూ. ముందు పిల్లలకు చెప్పి చూడనీండి," అన్నాను.

మళ్ళీ శనివారం ఆదోని బస్సులో కూర్చుని ఆ బొమ్మలు తిప్పుతున్నాను. పక్క సీటులో తల్లి ఒళ్ళో ఉన్న పసివాడు మెడ చాచి తొంగి చూశాడు. పుస్తకం వాడి వైపు జరిపి, మొదటి బొమ్మ మీద వేలు పెట్టి, పైకే చెప్పడం మొదలుపెట్టాను.