ఇల్లే కావాలన్న రోజు

నాది పిటిషన్లు టైపు చేసే పని. బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ఆఫీసుకి ఎదురుగా, మెట్ల కింద ఒక బల్ల, ఒక కంప్యూటరు, తిక్క లేచినప్పుడల్లా కాగితం మింగేసే ప్రింటరు. అందరూ రైటరు గారంటారు. ముక్కోపినని కూడా అంటారు, అదీ నిజమే. బిల్డరు అనే మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ చేతిలో మోసపోయినవాళ్ళ ఏడుపులే టైపు చేస్తున్నాను మరి.

ఈ కథ మాత్రం బైండింగ్ అమ్మది. స్కూళ్ళకీ ఆఫీసులకీ రిజిస్టర్లు బైండు చేసేది. చేతులకి ఎప్పుడూ జిగురు, వేళ్ళ చివర దారం కోసిన గీతలు. గట్టిగా మాట్లాడితే ఎవరేమనుకుంటారో అన్నట్టుండేది. పెళ్ళయ్యాక పదకొండు అద్దె ఇళ్ళు మారిందిట. "సామాను కట్టీ విప్పీ నా బతుకు తెల్లారిపోయింది రైటరు గారూ" అంది మొదటిరోజే. అందుకే మొగుడూ పెళ్ళాం కలిసి, ఇద్దరి పేర్ల మీదా, కడుతున్న అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొన్నారు. ఉన్నదంతా ఊడ్చి అందులో పెట్టారు.

అగ్రిమెంటులో రాసిన తేదీ దాటి ఏడాదిన్నర అయింది. ఇల్లు లేదు. ఈలోగా ఆవిడ భర్తకి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. వాళ్ళుండేది మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. ఆసుపత్రి నుంచి కుర్చీలో మోసుకొచ్చి పైకి చేర్చారు, అంతే. మళ్ళీ కిందికి దిగలేదు.

ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయన రాలేడని నేనే వెళ్ళాను. ఆ మెట్లెక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. డ్రైవరు గారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి కనపడేది పక్కింటి గోడ.

"చెప్పండి, మాకేం వస్తుంది?" అన్నారు, మాట కాస్త ముద్దగా.

"రెండు దారులండీ. ఒకటి, ఈ ఫ్లాటు మాకొద్దు అనడం. అప్పుడు కట్టిన డబ్బంతా వడ్డీతో సహా బిల్డరు వెనక్కిస్తాడు. రెండోది, ఇల్లే కావాలని ఆగడం. అప్పుడు ఇస్తానన్న తేదీ నుంచి తాళాలు చేతిలో పెట్టేదాకా, ఆలస్యమైన ప్రతి నెలకీ వాడు మీకు వడ్డీ కట్టాలి. ఏ దారో తేల్చుకోవాల్సింది మీరే. వాడికి ఆ హక్కు లేదు."

"అయితే డబ్బే తీసుకుందాం. కింద గది ఒకటి అద్దెకి తీసుకుంటే వాకిట్లో కూర్చుంటాను. నాలుగు బస్సులు చూస్తాను. మనుషులు కనపడతారు."

వంటగదిలోంచి ఆవిడ గబగబా వచ్చింది. "పన్నెండో అద్దె ఇల్లా? ఆ డబ్బుకి ఇవాళ ఏ ఇల్లొస్తుంది? రేట్లు ఎక్కడికో పోయాయి!"

అప్పుడైనా నేను నోరు మూసుకోవచ్చు కదా? నా నోరు ఊరుకోదు. "అమ్మ చెప్పింది నిజమండీ. మీరు తప్పుకుంటే వాడికి పండగే. మీ ఫ్లాటు ఇవాళ్టి రేటుకి ఇంకొకడికి అమ్ముకుంటాడు. ఆగండి. ప్రతి నెలా వచ్చే వడ్డీతోనే కింద గది అద్దెకి తీసుకోవచ్చు" అన్నాను.

ఆయన కాసేపు గోడకేసి చూసి, "అదీ బాగానే ఉంది" అని ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టారు.

విచారణ రోజు ఆవిడ ముందు కుర్చీలో, నేను వెనక బెంచీలో. బిల్డరు తరఫున మేనేజరొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. "మేడం, మేం ఆరునెలల క్రితమే ఇల్లు తీసుకోమని లెటరు పంపాం. వీళ్ళే రాలేదు" అన్నాడు.

విచారణ చేసే మేడం ఫైలు తిప్పారు. "నివాసానికి పనికొస్తుందని సర్టిఫికెట్ వచ్చిందా?"

"అప్లై చేశాం మేడం. లిఫ్టు ఒక్కటే పెండింగు."

"అది రాకుండా లెటరిస్తే ఇల్లు అప్పగించినట్టు కాదు. ఆలస్యం లెక్కలోనే ఉంది" అన్నారు మేడం. నా ప్రాణం లేచొచ్చింది.

మేనేజరు గొంతు మార్చాడు. "అయితే మేడం, అంత ఇబ్బందిగా ఉంటే మొత్తం వడ్డీతో వెనక్కిచ్చేస్తాం. పది రోజుల్లో. ఇక్కడే రాసిస్తాం."

మేడం బైండింగ్ అమ్మ వైపు తిరిగారు. "వద్దని మిమ్మల్ని బయటికి పంపే అధికారం వాళ్ళకి లేదమ్మా. ఉండాలా, తప్పుకోవాలా అన్నది మీ ఇష్టం. ఏం కావాలి?"

ఆవిడ వెనక్కి తిరిగి నాకేసి చూసింది. వాడి నవ్వు చూసి నేను మండిపోతున్నాను. తల అడ్డంగా ఊపాను.

"ఇల్లే కావాలండీ" అంది.

గెలిచాం. ఆలస్యమైన నెలలన్నిటికీ వడ్డీ నలభై అయిదు రోజుల్లో కట్టాలి, ఆపైన అప్పగించేదాకా నెలనెలా కట్టాలి అని ఆర్డరు వచ్చింది. బయటికొచ్చి టీ తాగాం, డబ్బులు నేనే ఇచ్చాను. అంత సంబరం నాకు.

నలభై అయిదు రోజులూ అయ్యాయి, పైసా రాలేదు. ఆర్డరు అమలు చేయించమని మళ్ళీ పిటిషను వేశాం. వసూలు కాగితం ఇంకో ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ గుమాస్తా సెలవు, తర్వాత పెద్దసారు బదిలీ. ఆవిడ చెప్పులరిగేలా తిరిగింది. కింద గది దొరికింది కానీ అడ్వాన్సు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. అదే భవనంలో ఇంకొకాయన, దర్జీ, డబ్బు వెనక్కి అడిగాడు. ఆ కాగితమూ నేనే టైపు చేశాను. ఆ దర్జీకి నిజంగానే పది రోజుల్లో ఇచ్చేశారు. ఆ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు.

అయిదో నెలలో డ్రైవరు గారు పోయారు, మధ్యాహ్నం, ఆ కుర్చీలోనే. నలుగురు పట్టుకుని ఆ ఇరుకు మెట్ల మీదుగా కిందికి దించారు. మలుపు మలుపునా గోడకి తగలకుండా నేనో చెయ్యి వేశాను. ఎందుకో తెలీదు, ఏడుపు ఆగలేదు.

ఇంకో రెండు నెలలకి సర్టిఫికెట్ వచ్చింది, వడ్డీ బకాయి వచ్చింది, ఇల్లూ వచ్చింది. రిజిస్ట్రేషనుకి వారసురాలిగా తన ఒక్క పేరు పెట్టే కాగితాల కోసం బైండింగ్ అమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. చావు సర్టిఫికెట్ మడత విప్పి ముందు పెట్టింది.

నేను టైపు చేస్తూ, తలెత్తకుండానే, "తప్పు నాదమ్మా. ఆ రోజు నేను తల ఊపకుండా ఉండాల్సింది" అన్నాను.

"మీదేముంది రైటరు గారూ." జిగురంటిన వేళ్ళతో ఆ సర్టిఫికెట్ అంచు సరిచేసింది. "ఆ రోజు మేడం అక్కడికక్కడే అడిగారు కానీ, ఇంట్లో అడిగొస్తానంటే టైమిచ్చేవారేనా?"

"ఇచ్చేవారమ్మా. వాయిదా వేసేవారు."

ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళు పది రోజుల్లో ఇస్తామన్నారని ఆయనకి నేను చెప్పనే లేదండీ. చెబితే తీసుకోమంటారని తెలుసు. రోజూ అడిగేవారు, ఏమైనా కబురొచ్చిందా అని. లేదనే చెప్పాను."