మూడు వారాల్లో పది రాత్రులు

నేను రాసిన మొదటి దరఖాస్తు మెయిల్ తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అందులో అబద్ధం లేదు. నిజం కూడా లేదు. రెండూ లేకుండా అంత పొడుగు మెయిల్ రాయడం మామూలు విషయం కాదు.

అప్పటికి బాబు పుట్టి ఏడాదిన్నర. విశాఖపట్నంలో పిల్లల వైద్యంలో ఎం.డి. పరీక్ష రాసినప్పుడు ఏడో నెల. ఫలితాలు వచ్చే సరికి పురుడు, ఆ తరవాత జార్ఖండ్ వచ్చి బారిడీహ్‌లో అమ్మావాళ్లింట్లో మకాం. మా ఆయన కళింగనగర్ స్టీల్ ప్లాంటులో ఇంజినీరు, శనివారం మధ్యాహ్నం వచ్చి సోమవారం వెళ్తాడు. వీధిలో ఏ పిల్లకి జ్వరం వచ్చినా నా దగ్గరకే తెచ్చేవారు. చూసి చెప్పేదాన్ని. కానీ చేతికి పని లేదు. ఊపిరి అందని పసివాడి ఛాతీ మీద స్టెత్ పెట్టి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకున్నప్పుడల్లా భయం వేసేది. ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే నేను డాక్టర్నని నాకే గుర్తుండదేమో అనిపించేది.

అలాంటి రోజుల్లో ఊళ్లోని ఒక ఆసుపత్రి ప్రకటన వచ్చింది. పిల్లల వార్డులో రెసిడెంట్ డాక్టరు, ఒక్కటే పోస్టు. మెయిల్లో మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను, స్పెషలైజేషను, నైట్ డ్యూటీకి ఎంతవరకు రాగలరో స్పష్టంగా రాయాలి. సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా జతచేయాలి.

మూడు ప్రశ్నలు. మూడూ సరిగ్గా నాకు నొప్పి ఉన్నచోటే వేలు పెట్టాయి. ఎం.బి.బి.ఎస్. రిజిస్ట్రేషను ఆంధ్రా కౌన్సిల్లో ఉంది. ఎం.డి.ని దానికి అదనపు అర్హతగా చేర్పించుకోవాలి. పురిటి హడావిడిలో చేర్పించలేదు. ఇక్కడ పనిచేయాలంటే ఆంధ్రా నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకుని జార్ఖండ్ కౌన్సిల్లో నమోదు కావాలి. అదీ చేయలేదు. ఇక రాత్రులంటారా, వాటి సంగతి బాబు ఉయ్యాలనే అడగాలి.

మా తమ్ముడు ఒక కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగాల విభాగం చూస్తాడు. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం వాడి అలవాటు.

"దీదీ, లిఖ్ దో నా, రిజిస్టర్డ్ స్పెషలిస్ట్. నైట్ కే లియే ఫ్లెక్సిబుల్ లిఖో. పహలే ఇంటర్వ్యూ తో ఆనే దో," అన్నాడు. అలా రాసేసెయ్, ముందు ఇంటర్వ్యూకి పిలవనీ, మిగతావి తరవాత చూసుకోవచ్చని వాడి సిద్ధాంతం.

నేను పూర్తిగా వాడి మాట వినలేదు, పూర్తిగా నా మాటా వినలేదు. "ఎం.బి.బి.ఎస్., ఎం.డి., రిజిస్టర్డ్" అని ఒకే వరసలో రాసి, ఏది రిజిస్టరైందో చదివేవాళ్ల ఊహకు వదిలేశాను. నైట్ డ్యూటీ దగ్గర "ఫ్లెక్సిబుల్" అని పెట్టి పంపేశాను.

రెండో రోజు ఆసుపత్రి ఆఫీసు నుంచి ఫోను. ఫోను చేసినామె గొంతు మర్యాదగానే ఉంది. "మేడమ్, ఎం.డి. ఏ నంబరు మీద నమోదైంది?" అని అడిగింది. ఇంకా కాలేదన్నాను. "ఫ్లెక్సిబుల్ అంటే మీరు వస్తారనా, రారనా?" అంది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. శనివారంలోగా వివరాలతో మళ్లీ పంపమంది, లేకపోతే దరఖాస్తు పక్కన పెట్టేస్తామంది. నాకు తల కొట్టేసినట్టయింది. రోగి బంధువులు పొడిపొడిగా చెబితే విసుక్కునే మనిషిని, నా గురించి నేనే అలా చెప్పుకున్నాను.

వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న నాన్న నా మాటలు విన్నాడు. నాన్న ఈ ఊరి స్టీల్ కంపెనీలో క్రేన్ నడిపేవాడు. రిటైరై ఆరేళ్లు.

"ఏటమ్మా, ఏటంటన్నారు?" అన్నాడు.

చెప్పాను.

"మరి రాత్తావా లేదా, నైటు సేత్తానని?"

"ఎలా రాయను నాన్నా? రాత్రి వీణ్ణెవరు చూస్తారు? అమ్మ నిద్రమాత్ర వేసుకుందంటే పిలిచినా పలకదు."

"నానున్నాను కదేటి. ముప్పై నాలుగేళ్లు సీ షిఫ్టు సేసినోణ్ణి."

అమ్మ లోపల్నుంచి నవ్వింది. "సేసినోడేటి, ఇంకా సేత్తన్నాడు. కేలండరు సూడే," అంది.

గోడ మీది కేలండరు నేను రోజూ చూసేదే. ప్రతి వారం పక్కనా ఎర్ర పెన్నుతో ఎ, బి, సి అని ఉంటాయి. పొద్దున్న ఆరు నుంచి రెండు ఎ షిఫ్టు, రెండు నుంచి పది బి, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు సి. రిటైరయ్యాక కూడా నాన్న ఆ గుర్తులు మానలేదు. అలవాటు కొద్దీ రాసుకుంటున్నాడనుకుని మేమంతా ఆటపట్టించేవాళ్లం. అసలు సంగతి ఆ రోజే అమ్మ చెబితే తెలిసింది. సి వారం వస్తే నాన్నకి ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు. వరండాలో కూర్చుంటాడు, రేడియో సన్నగా పెట్టుకుంటాడు, తెల్లారి టిఫిన్ తిని పడుకుంటాడు. కంపెనీ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఒళ్లు కంపెనీని వదల్లేదు. పిల్లల డాక్టర్ని, అదే ఇంట్లో ఏడాదిన్నరగా ఉంటున్నాను, ఒక్క రాత్రైనా ఇది గమనించలేదు. సిగ్గేసింది.

"సీ వారం పూర్తిగా నాది. ఎన్ని రాత్రులైనా ఎల్లు. మిగతా వారాలు మాత్రం నా వల్ల కాదు, కళ్లు మూతలు పడిపోతాయి. అది కూడా రాసీ," అన్నాడు. "వస్తానని సంతకం పెట్టి రానోడి వల్ల పక్కోడు డబుల్ డ్యూటీ సెయ్యాల. నాను సేసేను. ఆ ఉసురు మనకొద్దు."

ఆ మాట నాలో ఎక్కడో గట్టిగా దిగబడింది. సరే, ఇక దాచేది లేదనుకున్నాను. ఉద్యోగం వస్తే నిజం చెప్పినందుకే రావాలి, పోతే నిజం చెప్పినందుకే పోవాలి.

ఆ సాయంత్రమే ఆన్‌లైన్లో రెండు దరఖాస్తులు ఆంధ్రా కౌన్సిల్‌కి పెట్టాను, ఒకటి ఎం.డి. చేర్చమని, ఒకటి ఎన్.ఓ.సి. కోసం. ఆ దరఖాస్తు నంబర్లు చేతిలో పెట్టుకుని మెయిల్ మళ్లీ మొదటి నుంచి రాశాను.

"ఎం.బి.బి.ఎస్. రిజిస్ట్రేషను: ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్, నంబరు ఇదీ. ఎం.డి. పిల్లల వైద్యం: ఉత్తీర్ణత, సర్టిఫికెట్ జతచేశాను, అదనపు అర్హత నమోదుకు దరఖాస్తు చేశాను, ఇంకా రాలేదు. జార్ఖండ్ రిజిస్ట్రేషను: ఎన్.ఓ.సి. రాగానే చేయిస్తాను, అది చేతికి వచ్చేదాకా డ్యూటీలో చేరను. ఏడాదిన్నర విరామం: కాన్పు. నైట్ డ్యూటీ: మూడు వారాల్లో పది రాత్రులు. ప్రతి మూడో వారం వరసగా ఆరు. మిగతా రెండు వారాల్లో శని, ఆదివారం రాత్రులు."

శని, ఆదివారాలు మా ఆయన లెక్క. ఫోన్లో అడిగితే సరే అన్నాడు. సోమవారం అతనిది మధ్యాహ్నం డ్యూటీ.

తమ్ముడు చదివి తల పట్టుకున్నాడు. "దీదీ, యే అప్లికేషన్ హై యా కన్ఫెషన్?" అన్నాడు, ఇది దరఖాస్తా, తప్పు ఒప్పుకోలా అని. నేను వాడి ముందే పంపే బటన్ నొక్కాను.

నాన్న మాత్రం ఒక్క అభ్యంతరం చెప్పాడు. టైములు రాయలేదేమని. పది నుంచి ఆరు అని రాయాలట, లేకపోతే పై వాళ్లు సాగదీస్తారట. ఆసుపత్రిలో నైట్ అంటే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది అని చెప్పాను. "పన్నెండు గంటలా!" అని నోరు తెరిచాడు. యూనియన్ ఉందా అని అడిగాడు.

ఇంటర్వ్యూకి పిలిచారు. పిల్లల విభాగం పెద్దావిడ నా మెయిల్ ప్రింటు తీసి ముందు పెట్టుకుంది. వైద్యం గురించి అరగంట అడిగింది. నెలలు నిండని పాపకి పాలు ఎంతెంత పెంచాలో చెబుతుంటే ఒకచోట తడబడ్డాను. మరిచిపోయానని, చదువుకుని వస్తానని చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుంది. తరవాత పెన్నుతో నైట్ డ్యూటీ వాక్యం మీద తట్టింది.

"ఈ మూడో వారం ఏమిటి? మీరు ప్లాంటులో కూడా పనిచేస్తారా?" హిందీలో అడిగింది.

నాన్న సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఇంటికొక షిఫ్టు మనిషి ఉన్న ఈ ఊళ్లో ఎవరూ దానికి నవ్వరు.

"అందరూ ఎప్పుడైనా వస్తామని రాస్తారు. చేరాక శని, ఆదివారాలు వద్దని నా తలుపు దగ్గర నిలబడతారు. మీరు అవే ఇస్తున్నారు," అంది. "మీ నాన్నగారి వారం ఎప్పుడు మొదలో చెప్పండి."

నా ఫోన్లో కేలండరు ఫోటో ఉంది. చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని సి వారాలు తన డైరీలో ఎక్కించుకుంది. జార్ఖండ్ నంబరు లేకుండా వార్డులో అడుగు పెట్టనివ్వనంది. నలభై ఐదు రోజులు పోస్టు అట్టేపెడతానంది.

ఆ రోజుల్లో నేను మనిషిని కాను. రోజూ కౌన్సిల్‌కి ఫోను, రోజు విడిచి రోజు మెయిలు. ముందు ఎం.డి. చేర్చారు, తరవాత ఎన్.ఓ.సి. వచ్చింది. అసలు సర్టిఫికెట్లు పట్టుకుని రాంచీలో జార్ఖండ్ కౌన్సిల్‌కి వెళ్లినప్పుడు నాన్న బాబుని ఎత్తుకుని నాతోపాటు బస్సెక్కాడు. మధ్యాహ్నమంతా వాణ్ణి ఆఫీసు బయట ఆడించాడు. నలభై ఒకటో రోజు నంబరు వచ్చింది. ఆ కాగితం చూసి నేను ఏడ్చాను, దాచుకోవడానికేమీ లేదు.

మొదటి నైట్ సి వారంలోనే పడింది. దాని గురించి ఎక్కువ చెప్పను. తెల్లవారేసరికి నా చేతులు నాకు తిరిగొచ్చాయి, అంతే. తరవాతి డ్యూటీ డాక్టరుకి వార్డు అప్పగించి, ఎనిమిదిన్నరకి గేటు బయటికొచ్చాను.

అక్కడ టీ బండి పక్కన నాన్న. భుజం మీద బాబు నిద్రపోతున్నాడు. చేతిలో స్టీలు కేరేజీ.

"ఇప్పుడే వచ్చారా?" అన్నాను.

టీ బండివాడు హిందీలో అందుకున్నాడు. "ఆరు నుంచి నిలబడ్డారు మేడమ్. కూర్చోమంటే కూర్చోలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎనిమిదికని చెప్పాను కదా నాన్నా! రాత్రంతా మేలుకుని, పిల్లాణ్ణి మోసుకుని, రెండున్నర గంటలు ఇలా నిలబడతారా?"

నాన్న బాబుని రెండో భుజానికి మార్చుకున్నాడు.

"తెలుసమ్మా, ఎనిమిదికని. ఆరైతే ఇంట్లో ఉండలేకపోయేను," అన్నాడు. "సీ షిఫ్టు దిగి గేటు బయటికొచ్చినప్పుడల్లా అనిపించీది, మనోళ్లెవులైనా ఒకలు నిలబడుంటే బాగున్ను అని. మీరు సిన్నపిల్లలు, పడుకునీవోరు. ఎలా రమ్మంటాను?"

ముప్పై నాలుగేళ్లు. మాకెప్పుడూ చెప్పలేదు. మేమెప్పుడూ అడగలేదు.

బాబుని నేను తీసుకున్నాను. నా సంచీ నాన్న అందుకుని, నాకంటే ముందు నడిచాడు.