అరవై ఒక్క ఖాళీ గడులు

మా వదినకి భయం తెలియదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. మా ఆయనకి అక్క ఆవిడ. ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. నేను అదే ఆసుపత్రి కింది అంతస్తులో మందుల కౌంటర్‌లో ఉంటాను. ఆవిడ టైపు మిషన్ కాలం మనిషి. కంప్యూటర్ వస్తే దాన్ని లొంగదీసుకుంది, ఆ తర్వాత ఏఐ వస్తే దానికీ పని నేర్పింది. ముక్కు మీద కోపం. పెద్ద డాక్టర్లే ఆవిడ గదిలోకి తలుపు తట్టి వెళ్ళేవాళ్ళు. అలాంటి మనిషి భయపడటం ఒక్కరోజు చూశాను, ఇన్నాళ్ళయినా మర్చిపోలేదు.

గడిచిన ఆర్నెల్లలో ఆపరేషన్ అయిన వాళ్ళందరికీ ఇంటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు రాసి ఉత్తరాలు పంపాలన్నారు సూపరింటెండెంట్ గారు. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. ఒక్కొక్కటీ రాస్తూ కూర్చుంటే ఏడాది పడుతుంది. వదిన ఒకే ఒక్క ప్రాంప్ట్, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశం, తయారు చేసింది. అందులో మారే మాటలున్న చోటల్లా పూల బ్రాకెట్లలో ఖాళీ పెట్టింది: పేరు, వయసు, ఆపరేషన్, తేదీ, పడని మందులు. పక్కన స్ప్రెడ్‌షీట్. మనిషికో వరస, అందులో ఖాళీకో గడి. బటన్ నొక్కితే ఒక్కో వరసలోని మాటలు ఆ ఖాళీల్లో కూర్చుని ఏఐకి వెళ్తాయి, ఉత్తరం తయారై చివరి గడిలోకి వచ్చి పడుతుంది. ప్రాంప్ట్ చివర ఆవిడ రాసిన వాక్యం నాకు నోటికి వచ్చు, అన్నిసార్లు చదివి వినిపించింది. ‘ఆప్యాయంగా, ధైర్యం చెప్పేటట్టు రాయి. ఏ అంశాన్నీ వదిలిపెట్టకు.’ ఆ రెండో ముక్క తన తెలివని మురిసిపోయింది. మొదటి పది వరసలూ నడిపి, పది ఉత్తరాలూ అక్షరం అక్షరం చదివింది. ఎక్కడా వంక లేదు. మిగతావి ఒక్క పూటలో అచ్చేసి పోస్టులో పడేసింది. ఆ వారమంతా మా వదిన నేల మీద నడవలేదు.

తర్వాతి సోమవారం పదకొండింటికి నా కౌంటర్ దగ్గరికి పోస్టాఫీసు తాతగారు వచ్చారు. రిటైరైన పోస్ట్‌మాస్టరు, నాకు పదేళ్ళ పరిచయం. పంటి నొప్పికి బయట డాక్టర్ రాసిన చీటీ ఇచ్చారు. పెన్సిలిన్ జాతి మందు. అది పడక ఆయన మొహం గుమ్మడికాయంత వాచడం వెనకోసారి నేను నా కళ్ళతో చూశాను. ఇదేమిటి తాతగారూ, డాక్టరుకి చెప్పలేదా అన్నాను. ఆయన జేబులోంచి మా ఉత్తరం తీసి నా ముందు పెట్టారు. ‘మీకు పడని మందులంటూ ఏవీ లేవు, నిశ్చింతగా ఉండండి’ అని అందంగా ఉంది.

ఆయన్ని కూర్చోబెట్టి, మెట్లు ఎలా ఎక్కానో తెలియదు, వదిన ముందు ఆ కాగితం పెట్టాను. ఆవిడ షీట్ తెరిచి తాతగారి వరస చూసింది. పడని మందుల గడి ఖాళీ. పాత రిజిస్టరులో ఆ సంగతి ఎవరూ రాయలేదు, లేనిది లేనట్టే వదిలేసింది వదిన. ఏ అంశాన్నీ వదలొద్దని గట్టిగా చెప్పింది కనక, ఏఐ ఆ ఖాళీని కూడా ఒక మంచి మాటతో నింపేసింది. మొదటి పది వరసల్లో ఒక్క ఖాళీ గడి కూడా లేకపోవడం మా ఖర్మ.

ఖాళీలు మాత్రమే కనబడేటట్టు షీట్‌ని వడకట్టింది. అరవై ఒకటి వచ్చాయి. వదిన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది.

“తెలియదని రాయాల్సిన చోట లేవని రాయించానే. నా చేత్తో నేనే పంపించాను” అంది.

సూపరింటెండెంట్ గారికి వెంటనే చెప్పేసింది. ఉద్యోగం పోతుందని నాకు భయం, ఆవిడకి ఆ ధ్యాసే లేదు. ఆయన తల పట్టుకుని, కంగారు పడకండి, రేపు సవరణ ఉత్తరాలు పంపిద్దాం అన్నారు. రేపటిదాకా ఎవరూ మందు మింగకుండా ఉంటారా అని అడిగి వదిన తన గదికి వచ్చేసింది. ఆవిడా నేనూ చెరో ఫోనూ పట్టుకున్నాం. పన్నెండున్నరకి తాతగారితో కలిపి అరవై మంది దొరికారు. వాళ్ళలో ఏడుగురికి ఏదో ఒక మందు పడదు. అందులో ఒకాయన, మీ ఉత్తరం చూసి చాలా సంతోషించామమ్మా అన్నాడు. వదిన కళ్ళు మూసుకుంది.

మిగిలింది రెండు వందల ముప్ఫై ఎనిమిదో వరస. స్కూలు బట్టలు కుట్టే టైలరమ్మ. ఫోన్ స్విచాఫ్. పేరు చదవగానే నాకు గుర్తొచ్చింది. ఆ పొద్దున్న తొమ్మిదిన్నరకి మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సల్ఫా మాత్రలు కొనుక్కుని వెళ్ళింది ఆవిడే. ఇచ్చింది నేను. పడని మందులున్నాయా అని అడిగాను కూడా. ఆవిడ నోటితో చెప్పలేదు, ఉత్తరం చూపించింది. మా ఆసుపత్రి కాగితమే కదా అని మాత్రలు చేతిలో పెట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలుపెట్టమన్నాను.

ఆ మాట చెప్పగానే వదిన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి నడిచింది. ఆటోలో ఆవిడ గడియారం చూస్తూనే ఉంది, నేను చూడలేకపోయాను. సల్ఫా పడని వాళ్ళు ఎలా అయిపోతారో కౌంటర్‌లో ఉన్నదాన్ని, నాకు తెలుసు. ఆ వీధిలో ఇళ్ళ నంబర్లు వరసగా లేవు, రెండుసార్లు తప్పు తలుపు తట్టాం. దేవుడా, ఆవిడకి ఇవాళ ఆకలి లేకుండా చెయ్యి అని మొక్కుకున్నాను.

తలుపు తీసే ఉంది. కుట్టు మిషన్ మీద సగం కుట్టిన నీలం చొక్కా. టైలరమ్మ తిన్న కంచం పక్కకి జరిపి, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, రెండో అరచేతిలో మాత్ర పెట్టుకుని ఉంది.

“ఆగమ్మా!” అంది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వెళ్ళి ఆ మాత్ర తన చేతిలోకి తీసేసుకుంది.

టైలరమ్మ మమ్మల్ని చూసి బిత్తరపోయింది. ఉత్తరంలో పొరపాటు జరిగిందని నేనే చెప్పాను. గోడకి ఆ ఉత్తరం గుండుసూదితో గుచ్చి ఉంది. తనకి అంత ప్రేమగా ఎవరూ ఉత్తరం రాయలేదని, పొద్దున్న ఇంటికి రాగానే అక్కడ పెట్టుకున్నానని చెప్పింది. వదిన ఆ గోడ వైపు చూడలేకపోయింది. కింద చాప మీద చతికిలబడి, సంచీలోంచి కలం, కాగితం తీసింది.

“ఆ కాగితం సంగతి వదిలెయ్యండి. మీరే చెప్పండి. ఏదైనా మందు మీకు పడలేదా ఎప్పుడైనా?”

“పడలేదమ్మా. సల్ఫాయే. చిన్నప్పుడు ఒళ్ళంతా బొబ్బలెక్కి, బతకనన్నారు” అంది టైలరమ్మ. “కానీ అంత పెద్ద ఆసుపత్రి వాళ్ళు పడని మందులు లేవని రాశాక, నేనే తప్పు గుర్తు పెట్టుకున్నానేమో అనుకున్నాను.”