రాతప్రతి కింద సంతకం

మద్రాసు స్టూడియోల్లో సినిమా పాటలకు వాయించి, వయసు మీరాక మా ప్రాంతానికి తిరిగివచ్చిన వాద్యకారుల జ్ఞాపకాలను టేపుల మీద భద్రపరచాలని మా ప్రొద్దుటూరు పాఠకుల సంఘం తీర్మానించింది. ప్రణాళిక రాసే బాధ్యత నాకు అప్పగించింది. నేను ప్రధానోపాధ్యాయునిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పద్ధతి లేని పనిని పనిగా లెక్కించను. నలభై రెండు ప్రశ్నలను వరుస సంఖ్యలతో రాశాను. టేపును ఎక్కడ ఉంచుతాము, ఎవరు వినవచ్చు, మాటలను అచ్చు వేయవచ్చునా అన్న వివరాలతో అనుమతి పత్రం టైపు చేయించాను. వాద్యకారుడు టేపులోని తన మాటల రాతప్రతిని ఒప్పుకొని సంతకం చేస్తే తప్ప టేపు సంఘం బీరువాలోకి పోరాదని నిబంధన పెట్టినవాణ్ణీ నేనే.

అవి ఫ్యాక్షన్ సంవత్సరాలు. ఒక పార్టీ సభ ఉన్న రోజు బస్సులన్నీ సభకే పోయేవి; ఇంకో పార్టీ బంద్ పిలిచిన రోజు డిపో దాటేవి కావు. సభా బందూ లేని ఒక బుధవారం చూసుకొని జమ్మలమడుగులోని క్లారినెట్ వాద్యకారుని ఇంటికి వెళ్లాను. పులివెందుల కళాశాలలో చరిత్ర బోధించే అధ్యాపకురాలు టేపురికార్డరుతో నా వెంట వచ్చింది.

మొదటి ప్రశ్న: “మీరు ఏయే చిత్రాలకు వాయించారు?”

“సినిమా పేరు మాకెవురు చెప్తారు సార్? కాల్‌షీట్ కు పోతాం. నోట్స్ ముందర పెడతారు. వాయిస్తాం, వస్తాం. మూణ్ణెల్లకు హోటల్లో రేడియో మోగితే, ఓహో, ఇది మన బిట్టే అనుకుంటాం.”

రెండు నుంచి తొమ్మిది వరకు నా ప్రశ్నలన్నీ ఆ చిత్రాల పేర్ల మీదే ఆధారపడి ఉన్నాయి. వంటింట్లోంచి ఆయన భార్య, “మొదటి ప్రశ్నకే ఫెయిలాయ పాపం!” అంది. ఎవరిని ఉద్దేశించిందో అడగలేదు.

అధ్యాపకురాలు నా కాగితాన్ని మెల్లగా బోర్లించింది. “స్టూడియోలో మొదటి రోజు గురించి చెప్పమనండి సార్. అడిగి ఊరుకోండి.”

ఊరుకోవడం నా వృత్తిలో అలవాటు కాని విద్య. అయినా ఊరుకున్నాను. టేపు రెండు వైపులా నిండింది.

“పదకొండో టేకులో అందరం సరిగ్గా వాయించినాం సార్. పాట అయిపోయే లాస్టు బారులో ఒగాయప్ప తుమ్మినాడు! మళ్లీ మొదలు. ఆ పొద్దు ఆయప్ప పక్కన ఎవురూ కూచోని అన్నం తినలే.”

పదిహేను రోజులు కూర్చుని టేపును కాగితం మీదికి ఎక్కించాను. దిద్దడం నా చేతికి తెలిసిన పని, ‘శానా’లన్నీ ‘చాలా’లయ్యాయి. తుమ్మిన ఆసామి కథ, ‘తత్కారణముగా మేమందరము ఆయనపై ఆగ్రహించితిమి’ అని ముగిసింది.

అధ్యాపకురాలితో మళ్లీ వెళ్లి గట్టిగా చదివి వినిపించాను. ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టేశాడు.

“ఎవురు సార్ ఈ మాట్లాడేది?” అంది భార్య. “మా ఇంటాయన ఇట్ల మాట్లాడింటే నేను ఎప్పుడో పుట్టింటికి పోయింటా.”

ఆయన మాత్రం నవ్వలేదు. “ఒగసారి ఎలచ్చన్లప్పుడు మా వీధిలో బాంబులేసుకున్న్యారు సార్. నేను చూసింది పొగ. స్టేషన్లో రైటరు, ఫలానావాడు విసరగా చూచితిని అని రాసినాడు. సంతకం పెట్టమంటే పెట్టినా. ఏడేండ్లు కోర్టు చుట్టూ తిరిగినా. రెండు పార్టీలోళ్లకూ నేనే శత్రువు. నా నోట్లోనుంచి రాని మాట కింద మళ్లీ సంతకం పెట్టను.”

నాకు కోపం వచ్చింది. నేను పోలీసు రైటరును కానన్నాను. అధ్యాపకురాలు టేపు పెట్టింది. నా కాగితం ముందుంచుకొని విన్నాను. వాక్యం వెంట వాక్యం ఆయన చెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి. జీవితమంతా డిక్టేషన్‌లో తప్పుకొక మార్కు తీసినవాణ్ణి. ఆ లెక్కన నాకు సున్నా కూడా దక్కదు.

నిబంధనలు తిరగరాశాను. పలికిన మాట పలికినట్టే రాయాలి. నవ్వు, మౌనం ఉన్నచోట అలాగే గుర్తించాలి. వినబడని మాటను ఊహించి నింపక, టేపురికార్డరు మీది కౌంటరు అంకె వేసి ఖాళీ విడవాలి. చెప్పినవారు కోరిన భాగాన్ని వారు కోరినంతకాలం మూసి ఉంచాలి.

మూడోసారి వెళ్లి కొత్త ప్రతి చదువుతుంటే తుమ్ము దగ్గర తన మాటకు తానే పగలబడి నవ్వాడు. ఒక్క చోట చెయ్యెత్తి ఆపాడు. ఒకే రోజు, ఒకే ట్యూన్‌కు, రెండు పార్టీల ఎన్నికల పాటలకూ తానే వాయించిన సంగతి అది.

“ఇది మాత్రం నేను పోయినాక వినిపించండి సార్. ఇప్పుడైతే ఇద్దురూ కలిసి నా మీదికొస్తారు.”

“ఆ పుణ్యమన్నా నీకు దక్కనీ,” అంది భార్య, “ఇద్దుర్నీ కలిపినోడు ఈ జిల్లాలో ఎవుడుండాడు?”

ఆ షరతును పత్రంలో నా చేత్తో రాశాను. ఆయన ప్రతి పంక్తీ చదివి, “ముందు మీరు పెట్టండి సార్,” అన్నాడు. పెట్టాను. నా సంతకం కింద ఆయన గుండ్రటి అక్షరాలతో నిదానంగా తన పేరు రాశాడు. మిగిలిన చివరి గడిని చూపి, అక్కడ సంతకం చేయవలసిందిగా ఆయన భార్యను కోరాను.

ఆమె వంగి చూసింది. అక్కడ ‘సాక్షి’ అని ఉంది.

“ఇంగ ఆ పని మాత్రం మా ఇంట్లో ఎవురూ చెయ్యరు సార్,” అంది.

స్కేలు పెట్టి ఆ గడిని కొట్టివేశాను. తర్వాతి వారం పులివెందులలోని వయొలిన్ వాద్యకారుని కోసం టైపు చేయించిన పత్రంలో ఆ గడే లేదు.