కలంకారీ కేటలాగు కోసం రాసిన మెయిల్

శ్రీకాళహస్తిలో మా వదినా నేనూ చీరల మీద కలంకారీ బొమ్మలు వేయించి అమ్మేవాళ్లం. కేటలాగు కోసం, చెన్నైలో సొంతంగా పనిచేసే ఒక డిజైనర్‌కు నెట్ సెంటర్ నుంచి మెయిల్ రాశాను. అట్టతో కలిపి పన్నెండు పేజీలు, ఫోటోలు మావే, ప్రెస్సుకిచ్చే ఫైళ్లు ఆమెవి, ఫీజులో సగం ముందు, మార్పులు రెండుసార్లే, నమూనా సోమవారం, చివరి ఫైళ్లు శుక్రవారం. కింద మా ఇద్దరి పేర్లూ పెట్టాను.

"ఇంత గట్టిగా రాస్తే ఒప్పుకుంటాదా?" అంది వదిన.

నాకు కాలు నిలవలేదు. సాయంత్రందాకా నెట్ సెంటర్‌కూ ఇంటికీ తిరిగాను. చివరికి జవాబొచ్చింది. అన్నిటికీ సరేనంటూ ఒక్కటే అడిగింది: "మార్పులు మీలో ఎవరు చెబుతారు?"

మా ఇద్దరికీ ఏ రంగు దగ్గరా కుదరదు. వదిన నవ్వింది. "మనం ముందు ఈడ కొట్లాడుకుందాం. ఆమెకు మాత్రం ఇద్దరి మాటా ఒకటిగా నువ్వే రాయి."

అలాగే రాశాను. సోమవారం నమూనా వచ్చేదాకా మనసు కుదుటపడలేదు.